వెనుక సీటు పక్కనున్న చిన్న జాలీ



ఈసారి రాసేది బండి గురించి. మన సోలాపూర్‌లో చద్దర్లు, టవళ్ళ వ్యాపారం చేసే ఇళ్ళలో ఇప్పుడు హైబ్రిడ్ కార్లు బాగానే కనబడుతున్నాయి. పూణేకి, హైదరాబాదుకి నెలకు మూడు నాలుగుసార్లు శాంపిళ్ళు తీసుకుని తిరిగేవాళ్ళు పెట్రోలు కలిసొస్తుందని కొన్నారు. కొందరు కొత్తవి కొన్నారు, ఎక్కువమంది ఒకరు వాడినవి కొన్నారు. ఎండలు ముదిరాక వీళ్ళలో కొందరికి మీటరు పక్కనున్న తెర మీద ఒక మెసేజీ వస్తోంది. అది చూడగానే రెండు రకాల మాటలు వినబడతాయి. "ఏం కాదు, ఎండకి అలాగే వస్తుంది, నడుపుకో" అనేది ఒకటి. "బ్యాటరీ పోయింది, మూడు నాలుగు లక్షలు సిద్ధం చేసుకో" అనేది రెండోది. ఈ రెండూ తప్పే అని మా అభిప్రాయం. ఎందుకో నిదానంగా చెప్తాం.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. తెర మీద వచ్చే మెసేజీలు చూడటానికి ఒకేలా ఉన్నా, వాటి వెనుక రెండు వేర్వేరు చల్లబరిచే ఏర్పాట్లు ఉన్నాయి. బ్యాటరీది గాలి ఏర్పాటు. చాలా హైబ్రిడ్ కార్లలో పెద్ద బ్యాటరీ వెనుక సీటు వెనకో, కిందో ఉంటుంది. సీటు పక్కన ఒక జాలీ ఉంటుంది. దాని లోపల పలచటి ఫిల్టరు, ఆ వెనుక గొట్టం, గొట్టం చివర ఫ్యాన్ ఉంటాయి. ఆ ఫ్యాన్ మనం కూర్చున్న చోటి గాలినే పీల్చి బ్యాటరీ మీదుగా పంపుతుంది. అంటే మనకి చల్లగా ఉంటేనే బ్యాటరీకి చల్లగా ఉంటుంది. రెండో ఏర్పాటు నీళ్ళది. బ్యాటరీ కరెంటుని మోటారుకి అందించే ఇన్వర్టరు ముందు బానెట్ కింద ఉంటుంది. దానికి వేరే కూలెంటు, వేరే చిన్న పంపు ఉంటాయి. ఫ్యాన్ పాడైతే ఇన్వర్టరుకి ఏమీ కాదు, పంపు పాడైతే బ్యాటరీ ఫ్యాన్ బాగానే తిరుగుతుంది.

మెసేజీలు కూడా ఇందుకు తగ్గట్టే ఉంటాయి. మోడల్‌ని బట్టి మాటలు కాస్త మారతాయి కానీ, బాగా వాడుకలో ఉన్న కార్లలో బ్యాటరీ గాలికి సంబంధించింది ఇలా వస్తుంది: "Maintenance required for hybrid battery cooling parts at your dealer". దీని అర్థం ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, జాలీకి ఏదో అడ్డం ఉండొచ్చు, గొట్టం దగ్గర సందు ఏర్పడి ఉండొచ్చు అని. ఇంకో రకం: "Hybrid system overheated. Output power reduced." పొడవైన ఘాట్ ఎక్కుతున్నప్పుడు, బాగా బరువు లాగుతున్నప్పుడు వచ్చేది ఎక్కువగా ఇదే. ఇది వస్తే బండి పక్కకి ఆపి, చల్లారాక, బానెట్ కింద ఇన్వర్టరు కూలెంటు డబ్బాలో మట్టం చూడాలి. ఇంజను కూలెంటు డబ్బా వేరు, ఇది వేరు. రెండూ పక్కపక్కనే ఉండి చాలామంది ఒకటి చూసి రెండోది వదిలేస్తారు. ఈ వ్యాసంలో మేం మొదటి రకం గురించే మాట్లాడతాం. మన ఊళ్ళో, మన పనుల్లో ఎక్కువగా వచ్చేది అదే కాబట్టి.

మన ఊళ్ళోనే ఎందుకంటే, నూలు. పవర్‌లూమ్ షెడ్డులో ఒక పూట కూర్చున్నవాడి జుట్టు మీద ఎంత పీచు పడుతుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. అదే పీచు మన బట్టలతో, శాంపిల్ కట్టలతో కారులోకి వస్తుంది. టవలు కొత్తదైతే మరీ ఎక్కువ రాలుతుంది. ఆ పీచు కారులో ఎక్కడికి పోతుంది? గాలి ఎటు లాగితే అటు పోతుంది. కారు లోపల గాలిని లాగే చోట్లు రెండే: ఒకటి ఏసీ, రెండోది వెనుక సీటు పక్కనున్న ఆ జాలీ. ఏసీ ఫిల్టరుని సర్వీసులో మారుస్తారు. జాలీని ఎవరైనా చూశారా అంటే, పాత బండి కొన్నవాళ్ళలో చాలామందికి అది ఉందనే తెలియదు. అది స్పీకరు జాలీ అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. దాని మీద దళసరి సీటు కవరు కుట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఇక బ్యాటరీ వేడెక్కితే పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతుందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. హైబ్రిడ్ బండి పెట్రోలు ఆదా చేసేది రెండు చోట్ల. బ్రేకు తొక్కినప్పుడు వృథాగా పోయే వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలో పోసుకుంటుంది. సిగ్నలు దగ్గర, నెమ్మదిగా పాకే ట్రాఫిక్‌లో ఇంజను ఆపేసి ఆ కరెంటుతో నడుస్తుంది. రెండింటికీ బ్యాటరీ కరెంటు తీసుకోగలగాలి, ఇవ్వగలగాలి. బ్యాటరీ లోపల ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్లు మూడు నాలుగు ఉంటాయి. వేడి ఒక మేర దాటితే బ్యాటరీని కాపలా కాసే కంప్యూటరు తీసుకునే కరెంటుకీ ఇచ్చే కరెంటుకీ కోత పెడుతుంది. ముందు కొంచెం, తర్వాత ఎక్కువ. అప్పుడు బ్రేకు తొక్కితే కరెంటు రాదు, బ్రేకు ప్యాడ్లే అరుగుతాయి. సిగ్నలు దగ్గర ఇంజను ఆగదు. లారీని దాటబోతే మోటారు చెయ్యి వెయ్యదు, ఇంజను ఒక్కటే మొత్తుకుంటుంది. బండి బరువెక్కినట్టు అనిపిస్తుంది. అసలే పెద్ద బ్యాటరీని మోస్తున్న బండి, ఆ బ్యాటరీతో పని లేకుండా నడిస్తే మామూలు పెట్రోలు బండి కంటే కూడా నష్టమే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పాత హైబ్రిడ్ కార్లలో చాలావాటికి నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం బ్యాటరీ ఉంటుంది. ఈ రకం వేడెక్కిన కొద్దీ పోసిన కరెంటుని సరిగ్గా దాచుకోలేదు. దాచుకోనిది మళ్ళీ వేడిగానే మారుతుంది. వేడి వల్ల ఇంకా తక్కువ దాచుకుంటుంది, దానివల్ల ఇంకా వేడి. ఫ్యాన్ ఈ చుట్టుని తెంచడానికే ఉంది. ఫ్యాన్ మందగిస్తే చుట్టు బిగుస్తుంది. అందులోనూ ప్యాక్ మధ్యలో ఉన్న మాడ్యూళ్ళకి అంచుల్లో ఉన్నవాటికంటే గాలి తక్కువ తగులుతుంది కాబట్టి, అవి ముందు ముసలివవుతాయి. అందుకే "ఎండకి అలాగే వస్తుంది, నడుపుకో" అనే మాట ప్రమాదమైంది. ఈ రోజు ఫ్యాన్ శుభ్రం చేస్తే పోయేదాన్ని, రెండు వేసవులు నడిపితే నిజంగానే బ్యాటరీ మార్చాల్సిన చోటికి తీసుకుపోతాం.

ఇప్పుడు ఒక బండి సంగతి వివరంగా చెప్తాం. మన సభ్యుల్లో ఒకాయనది, పేరు వద్దన్నారు. తొమ్మిదేళ్ళ హైబ్రిడ్ సెడాన్, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. రెండో చేతిలో కొన్నారు, బ్యాటరీ వారంటీ అయిపోయింది. ఆయనకి ఒక మంచి అలవాటు ఉంది. వ్యాపారం లెక్కల కోసం ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించి, కిలోమీటర్లూ లీటర్లూ పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకమే ఈ కథలో అసలు సాక్షి.

కిందటి ఏప్రిల్‌లో ఆ బండి లీటరుకి 17.2 కిలోమీటర్లు ఇచ్చింది. ఈ ఏప్రిల్‌లో 14.6. చలికాలంతో పోల్చి ఉంటే ఏసీ వల్ల తగ్గిందిలే అని సరిపెట్టుకునేవాళ్ళం. ఏప్రిల్‌ని ఏప్రిల్‌తో పోల్చాం కాబట్టి ఆ సాకు చెల్లలేదు. అదే దారి, అదే ఏసీ, అవే టైర్లు. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగే బండికి 17.2 చొప్పున 116 లీటర్లు చాలు. 14.6 చొప్పున 137 కావాలి. లీటరు 105 రూపాయలు వేసుకుంటే నెలకి దాదాపు 2,200 రూపాయలు ఎక్కువ. మెసేజీ ఇంకా రాలేదు, డబ్బు మాత్రం అప్పటికే పోతోంది.

పుస్తకంతో పాటు బండి కూడా చెప్పింది, వినిపించుకోవాలి గానీ. వెనుక కూర్చున్న పిల్లలు "ఏదో గుయ్యిమంటోంది" అంటూనే ఉన్నారు. బండి స్టార్టు చేసిన పది పదిహేను నిమిషాలకే ఆ చప్పుడు మొదలై ఇల్లు చేరేదాకా ఆగేది కాదు. బాగున్న బండిలో ఆ ఫ్యాన్ చప్పుడు వినబడటమే అరుదు. వేడి తగ్గకపోతే కంప్యూటరు ఫ్యాన్‌ని పై వేగానికి నెడుతుంది, అడ్డం ఉన్న గాలిని లాగలేక అది అరుస్తుంది. సిగ్నళ్ళ దగ్గర "EV" లైటు వెలగడం కూడా బాగా తగ్గిపోయింది.

మే నెల రెండో వారంలో హైదరాబాదు బయలుదేరారు. వెనుక సీటులో ఒక మనిషి, మిగతా చోటంతా చద్దర్ల కట్టలు, ఒక కట్ట సరిగ్గా ఆ జాలీకి ఆనించి ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఉమర్గా దాటాక మొదటి మెసేజీ వచ్చింది. లారీని దాటబోతే బండి లాగలేదు. వేడెక్కిందని తలచి, ఇంజను మీద బరువు తగ్గుతుందని ఏసీ ఆపి కిటికీలు తెరిచారు. ఇది మనందరికీ పాత బండ్ల మీద వచ్చిన అలవాటు. ఈ బండికి మాత్రం అది విషం. బ్యాటరీ పీల్చేది లోపలి గాలినే కదా, బయట 42 డిగ్రీల గాలిని తెచ్చి దానికి పెట్టినట్టయింది. అరగంటలో మెసేజీ మళ్ళీ వచ్చింది. అప్పుడు చెట్టు నీడలో ఆపి, కట్టలు సర్ది, ముప్పావుగంట ఆగారు. జాలీ ఖాళీగా ఉంచి, ఏసీ పూర్తిగా పెట్టి, నెమ్మదిగా నడిపితే హైదరాబాదు చేరేదాకా మళ్ళీ రాలేదు. దారిలో వస్తే చేయాల్సింది ఇదే: జాలీ ఖాళీ చెయ్యండి, ఏసీ ఆపకండి, వేగం తగ్గించండి, నీడలో కాసేపు ఆపండి. ఇంటికి చేరాక మెసేజీ పోయింది కదా అని మర్చిపోకండి.

వచ్చాక బండిని ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్ళారు. ఏ ఊరు, ఎవరిది అనేది ఇక్కడ అనవసరం. స్కానరు పెట్టారు, P0A82 అని కోడ్ వచ్చింది. పావుగంటలో కాగితం ఇచ్చారు: బ్యాటరీ ప్యాక్, ఫ్యాన్ రెండూ మార్చాలి, మూడు లక్షల పైన. ఆ కాగితం పట్టుకుని ఆయన సంఘం వాట్సాప్‌లో పెట్టారు. మనలో బండ్ల పని తెలిసిన ఇద్దరు, మేం ఇంకొందరం కలిసి కూర్చున్నాం.

కోడ్ ఏం చెప్తుందో, ఏం చెప్పదో ఇక్కడ తెలుసుకోవాలి. P0A82 అంటే బ్యాటరీ ఫ్యాన్ పని సరిగ్గా లేదు, లేదా ఆగిపోయింది అని. అది ఫ్యాన్ మీద ఫిర్యాదు, బ్యాటరీ మీద కాదు. P0A7E వస్తే ప్యాక్ మరీ వేడెక్కింది అని. P0A93 వస్తే గొడవ ఇన్వర్టరు కూలెంటు వైపు ఉంది, వెనుక సీటు విప్పి ప్రయోజనం లేదు. ఇక P0A80 అనేది ఒకటి ఉంది. దాని అధికారిక పేరే "Replace Hybrid Battery Pack". ఆ పేరు చూసి యజమాని గుండె జారిపోతుంది. ఆ కోడ్ వచ్చినా కూడా బ్లాకుల వోల్టేజీలు చూశాకే నిర్ణయం తీసుకోవాలి. ఇక్కడ ఆ కోడ్ కూడా రాలేదు.

మేం అడిగింది రెండే అంకెలు. ఒకటి, బ్లాకుల వోల్టేజీలు. ఆ బండి ప్యాక్‌లో 34 మాడ్యూళ్ళు ఉన్నాయి. రెండేసి కలిపి 17 బ్లాకులుగా కంప్యూటరు చూస్తుంది. బండిని నడుపుతూ, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ ఈ పదిహేడూ కలిసి పైకీ కిందకీ కదలాలి. ఒకటి మాత్రం మిగతావాటికంటే ఒక వోల్టో అంతకంటే ఎక్కువో పడిపోతుంటే ఆ బ్లాకు నిజంగా పోయినట్టు. ఇక్కడ పెద్ద చిన్నల మధ్య తేడా 0.3 వోల్టు దాటలేదు. రెండోది, ఉష్ణోగ్రతలు. బ్యాటరీ సెన్సార్లు 52, 56, 53 చూపించాయి. లోపలికి పీల్చే గాలి 29 మాత్రమే. కంప్యూటరు ఫ్యాన్‌ని అన్నింటికంటే పై వేగంలో తిప్పమంటోంది. చల్లటి గాలి అందుబాటులో ఉంది, ఫ్యాన్‌కి ఆజ్ఞ వెళ్తోంది, అయినా బ్యాటరీ చల్లబడటం లేదు. అంటే గాలి బ్యాటరీని చేరడం లేదు. ఈ రెండు అంకెలు చూస్తే చాలు, గొడవ బ్యాటరీలో లేదు, దారిలో ఉంది అని చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది.

వేరే గ్యారేజీలో విప్పించాం. జాలీ వెనుక ఫిల్టరు మీద పీచు చాపలా పరుచుకుంది, చేత్తో పట్టుకుంటే ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. అంతటితో ఆగితే మళ్ళీ అదే కథ. ఫిల్టరు దాటిన సన్నపీచు లోపలి ఫ్యాన్ చక్రం రెక్కల మధ్య గట్టిగా నిండిపోయి ఉంది. ఇరుసుకి నూలు పోగులు చుట్టుకుని ఉన్నాయి. చక్రం చేత్తో తిప్పితే బరువుగా తిరిగింది. దాన్ని బయటికి తీసి, బ్రష్షుతో రెక్కరెక్కా శుభ్రం చేసి, గొట్టం అతుకులు చూసి, మళ్ళీ బిగించారు. ఫ్యాన్ మోటారు బాగానే ఉంది, కొత్తది కొనాల్సిన పని రాలేదు. కూలీతో కలిపి నాలుగు వేల లోపే అయింది.

తర్వాత అదే ఎండలో, అదే దారిలో ఉమర్గా దాకా పోయి వచ్చి మళ్ళీ స్కానరు పెట్టించాం. 42, 44, 42. ఫ్యాన్ మధ్య వేగంలోనే తిరుగుతోంది. జూన్ లెక్క లీటరుకి 16.7 వచ్చింది. కిందటి ఏడాది 17.2కి పూర్తిగా చేరలేదు, చేరుతుందని మేం చెప్పం కూడా. ఒక వేసవంతా వేడిలో ఉడికిన బ్యాటరీ కొంత వయసు పోగొట్టుకునే ఉంటుంది. పోయిన వయసుని శుభ్రం చేసి తిరిగి తేలేం.

ఇక్కడ ఒక ఎదురు మాట వస్తుంది, న్యాయమైనదే. "అందరికీ ఫ్యాన్ శుభ్రం చేస్తే సరిపోతుందని చెప్పి, నిజంగా బ్యాటరీ పోయినవాళ్ళని కూడా తప్పుదారి పట్టిస్తున్నారా?" లేదు. ఆ పదిహేడు బ్లాకుల్లో ఒకటి వోల్టున్నర కిందికి పడుతూ ఉంటే, ఫ్యాన్ ఎంత శుభ్రం చేసినా ఆ బ్లాకు లేవదు. అప్పుడు ఖర్చు తప్పదు. పాడైన ఒక్క మాడ్యూల్ మార్చి తక్కువలో సరిపెడతామనేవాళ్ళూ దొరుకుతారు. పాతవాటి మధ్య ఒక కొత్తది పెడితే అవి కలిసి నడవవు, ఏడాది తిరక్కుండా పక్కది పోవడం మామూలు. అలాంటి పనికి ఒప్పుకునే ముందు ఎన్ని నెలల గ్యారంటీ రాసిస్తారో అడగండి. మేం చెప్పేది ఏమిటంటే, ఏది పోయిందో అంకెలు చెప్పాక డబ్బు పెట్టండి, మెసేజీ చూసి పెట్టకండి.

ఇంకో మాట కూడా నిష్టూరంగానే చెప్పాలి. సర్వీసు కాగితాల్లో "బ్యాటరీ ఫిల్టరు చూశాం" అని టిక్కు పెడతారు. ఫిల్టరు వెనుక ఫ్యాన్ చక్రాన్ని విప్పి చూశారా అంటే జవాబు ఉండదు. కొత్త బండికి, మామూలు ఊరికి అది సరిపోవచ్చు. నూలు పీచు ఎగిరే ఊళ్ళో, కుక్క ఎక్కే బండిలో, దుమ్ము రోడ్ల మీద తిరిగే బండిలో సరిపోదు. ఇక్కడ సర్వీసు చేసేవాళ్ళు మన పని చూసి మన బండి సర్వీసు మార్చుకోవాలి. వాళ్ళు మార్చుకోకపోతే మనమే అడిగి చేయించుకోవాలి. అడిగితే కొందరు అదనపు కూలీ అంటారు. ఇవ్వండి. మూడు లక్షల ముందు అది లెక్కలోది కాదు.

మనం ఇంట్లో చేసుకోగలిగింది ఎంతవరకో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రాణం మీదికి వచ్చే పని ఉంది. పైకి కనిపించే జాలీని, దాని ఫిల్టరుని మన బండి పుస్తకంలో చెప్పినట్టు తీయొచ్చు. ఇంట్లో వాడే వ్యాక్యూమ్‌తో బయటి నుంచి పీల్చొచ్చు. గాలి గన్నుతో లోపలికి ఊదకండి, పీచుని ఇంకా లోపలికి, ఫ్యాన్ మీదికి తోసినట్టవుతుంది. ఫిల్టరు తడిస్తే పూర్తిగా ఆరాకే పెట్టండి. అంతవరకే. సీటు విప్పడం, ఫ్యాన్ తీయడం, బ్యాటరీ మూత తెరవడం మన పని కాదు. ఆ ప్యాక్‌లో రెండు వందల వోల్టుల పైన డీసీ కరెంటు ఉంటుంది. నారింజ రంగు వైర్లు కనబడితే అక్కడితో చెయ్యి వెనక్కి తీసుకోవాలి. తెలిసిన మెకానిక్ ముందు సర్వీసు ప్లగ్ తీస్తాడు, కనీసం పది నిమిషాలు ఆగుతాడు, రబ్బరు చేతితొడుగులు వేసుకుంటాడు. అవేవీ లేకుండా స్పానరు పట్టుకుని దిగేవాడికి బండి ఇవ్వకండి, ఎంత చుట్టమైనా సరే.

అందుకని సంఘానికి మా ప్రతిపాదన. ఉగాది తర్వాత మన దగ్గర ఎండలు ముదురుతాయి కాబట్టి, ఉగాదికి ముందే హైబ్రిడ్ బండ్లున్న సభ్యులంతా ఫిల్టరు శుభ్రం చేయించుకోవాలి. నూలు సామాను మోసే బండి అయితే రెండేళ్ళకొకసారి ఫ్యాన్ చక్రం కూడా విప్పించాలి. బ్లాకుల వోల్టేజీలు, సెన్సార్ల వేడి, ఫ్యాన్ వేగం చూపించగల స్కానరు ఒకటి సంఘం డబ్బుతో కొందాం. దాన్ని చదవడం నేర్చుకోవడానికి ఇద్దరు కుర్రాళ్ళు ముందుకొచ్చారు కూడా. ఎవరికైనా పెద్ద అంచనా కాగితం వస్తే, సంతకం పెట్టేముందు ఆ స్కానరు పెట్టి చూద్దాం. వచ్చే ఆదివారం కార్యవర్గ సమావేశంలో ఈ కొనుగోలు మీద చర్చ ఉంది. హైబ్రిడ్ బండ్లున్నవాళ్ళు కిందటి ఏడాది, ఈ ఏడాది ఒకే నెల మైలేజీ లెక్కలు ఉంటే వెంట తీసుకురండి. మన ఊరి ఎండలో ఎవరి బండి ఎంత తగ్గిందో పక్కపక్కన పెట్టి చూస్తే, తెర మీద మెసేజీ రాకముందే ఎవరు జాలీ విప్పించుకోవాలో తెలిసిపోతుంది.